కాగితానికెక్కని మాటలు

ఈ దేశం వచ్చిన మొదటి ఏడాది ఫోనులో క్లయింటు చెప్పేది నాకు సగమే అందేది. అందుకని ప్రతి కాల్ తర్వాత "నేను ఇలా అర్థం చేసుకున్నాను, పొరపాటుంటే దిద్దండి" అని నాలుగు వాక్యాల మెయిలు పెట్టేవాణ్ని. చెవి అలవాటు పడ్డాక ఆ మెయిళ్లు తగ్గాయి, తర్వాత ఆగిపోయాయి. అదే ఎదుగుదల అనుకున్నాను. ఆరేళ్లకు ఆ క్లయింటు పనిని మరొకరికి అప్పగించాల్సి వచ్చినప్పుడు చూస్తే, భాష మీద ధీమా పెరిగిన కొద్దీ నా దగ్గర రాతపూర్వకమైన ఆధారం తగ్గిపోయింది.

క్లయింటుది గిడ్డంగుల వ్యాపారం. సరుకు లెక్కల సాఫ్ట్‌వేర్ మాది. ఒప్పందం, దాని గడువు, తెగని ఫిర్యాదులు అన్నీ సిస్టమ్‌లో ఉన్నాయి. కొత్త మేనేజర్ వాటిని ఒక్క పూటలో చదివేసింది. లేనివి నేను ఫోనులో ఇచ్చిన మాటలు. ఏడాది చివర సరుకు లెక్కించే పది రోజులూ సాఫ్ట్‌వేర్‌లో ఏ మార్పూ చేయబోమని ఎప్పుడో చెప్పాను. ఏటా ఆ రోజుల్లో నేనే వెళ్లి సాంకేతిక బృందాన్ని ఆపేవాణ్ని. నేను లేకపోతే అప్‌డేట్ తన వేళకు తాను వెళ్లిపోతుంది. తప్పు ఎవరిదీ కాదు, మాట మాత్రం పోతుంది.

పాత క్యాలెండర్ తిరగేసి అలాంటివి ఏడు రాశాను. ఎవరికి చెప్పాను, సుమారుగా ఎప్పుడు, మా వైపు ఇంకెవరికి తెలుసు అన్నది ఒక్కోదాని పక్కన పెట్టాను. వాటిలో రెండు ఇచ్చే అధికారం నాకు లేదు. బిల్లు గడువు సడలింపు అందులో ఒకటి. సిగ్గుపడుతూనే పై అధికారి చేత ఒప్పించుకున్నాను, లేకపోతే కొత్త మనిషి మొదటి పని "కుదరదు" అనడమే అవుతుంది.

మెయిలు కంటే ముందు క్లయింటు కొనుగోళ్ల అధికారికి ఫోను చేశాను. ఏ తేదీ నుంచి ఎవరు చూస్తారో, ధర, షరతులు, ఫిర్యాదుకు జవాబిచ్చే గడువు మారవని చెప్పాను. కొత్తావిడ గొప్పదనం గురించి ఏమీ చెప్పలేదు, ఆయన అడిగేది అది కాదు. జాబితా పంపి, మరిచినవి ఉంటే చేర్చమన్నాను. ఎనిమిదోది ఆయన చేర్చారు: గిడ్డంగి వారీగా వేరువేరు బిల్లులు. నేను మాటవరసకు అన్నానని అనుకున్నది ఆయన ఇన్నాళ్లూ హామీగానే దాచుకున్నారు.

ముగ్గురం రెండుసార్లు కూర్చున్నాం. మొదటిసారి నేను మాట్లాడాను. రెండోసారి ఆమె నడిపింది. ఆయన ప్రశ్న వేసి నా వైపు చూసినప్పుడల్లా నేను ఆమె వైపు చూశాను. జవాబు తెలిసి ఊరుకోవడం ఎంత కష్టమో ఆ గంటలో తెలిసింది.

మూడో వారం ఆయన నాకే ఫోను చేశారు. విన్నాను, పరిష్కారం చెప్పలేదు. "ఆమె గంటలో మీకు చేస్తుంది" అన్నాను. నలభై నిమిషాల్లో చేసింది. ఆ తర్వాతి ఫిర్యాదు సంగతి నాకు ఆమె చెబితేనే తెలిసింది.

ఏడాది చివర అప్‌డేట్ ఆపమని సాంకేతిక బృందానికి వెళ్లిన మెయిలులో నా పేరు లేదు.