తప్పు సూత్రం మూడుసార్లు సరైన జవాబిచ్చింది: లిమిటింగ్ రియేజెంట్ లెక్కలతో నా అనుభవం

ఇంటర్ పూర్తయ్యాక నీట్ కోసం లాంగ్ టర్మ్‌లో చేరిన ఏడాది నేను రసాయన శాస్త్రాన్ని మోల్ భావనతో మొదలుపెట్టాను. చర్యలో ఏ పదార్థం ముందుగా అయిపోతుందో తేల్చే లిమిటింగ్ రియేజెంట్ లెక్కలకు అప్పటికే నా దగ్గర ఒక సూత్రం ఉండేది. రెండు క్రియాజనకాల మోల్‌లూ కనుక్కోవాలి, దేని మోల్‌లు తక్కువగా ఉంటే అదే ముందుగా అయిపోతుంది. ఇది తప్పని నాకు చాలా రోజుల వరకు తెలియలేదు, ఎందుకంటే పాత ప్రశ్నపత్రాల్లో అది వరుసగా సరైన జవాబులే ఇస్తూ వచ్చింది.

1981 ఐఐటీ పత్రంలో 0.5 మోల్ BaCl2, 0.2 మోల్ Na3PO4 కలిపితే గరిష్ఠంగా ఎన్ని మోల్‌ల Ba3(PO4)2 వస్తుందని అడిగారు. 0.2 తక్కువ కాబట్టి ఫాస్ఫేట్ ముందు అయిపోతుందనుకున్నాను, 0.1 వచ్చింది, సరిపోయింది. 2014 ఏఐపీఎంటీలో ఎస్‌టీపీ వద్ద 22.4 లీటర్ల హైడ్రోజన్, 11.2 లీటర్ల క్లోరిన్ కలిపే లెక్కలో క్లోరిన్ అర మోల్, కాబట్టి HCl ఒక మోల్, అదీ సరిపోయింది. అదే పత్రంలో 1 గ్రాము మెగ్నీషియాన్ని 0.56 గ్రాముల ఆక్సిజన్‌తో మూసిన పాత్రలో మండించిన లెక్క కూడా సరిగ్గానే వచ్చింది. మూడు జవాబులు కలిసిన సూత్రాన్ని ఎవరు అనుమానిస్తారు?

ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పుస్తకంలోని అమ్మోనియా లెక్క దగ్గర నా సూత్రం కూలింది. అందులో 50 కిలోల నైట్రోజన్‌ను 10 కిలోల హైడ్రోజన్‌తో కలుపుతారు. నైట్రోజన్ సుమారు 1786 మోల్‌లు, హైడ్రోజన్ 5000 మోల్‌లు. నైట్రోజనే తక్కువ కదా అని దాన్ని పట్టుకుని, రెట్టింపు చేసి, 17తో గుణించి 60.7 కిలోల అమ్మోనియా అని రాసి మాస్టారికి చూపించాను. ఆయన నా లెక్కలోని మధ్య వరుసల జోలికి వెళ్లకుండా చివరి అంకెనే చూసి, "నువ్వు పాత్రలో వేసిందే అరవై కిలోలు. అంతకంటే ఎక్కువ అమ్మోనియా ఎక్కడినుంచి వచ్చింది?" అన్నారు.

N2 + 3H2 → 2NH3 అనే సమీకరణంలో ఒక్కో నైట్రోజన్ మోల్‌కు మూడు హైడ్రోజన్ మోల్‌లు కావాలి. 1786 మోల్‌ల నైట్రోజన్ మొత్తం ఖర్చు కావాలంటే 5357 మోల్‌ల హైడ్రోజన్ ఉండాలి, ఉన్నవి 5000. కాబట్టి పోల్చవలసింది మోల్‌లను కాదు, మోల్‌లను సమీకరణంలోని గుణకంతో భాగిస్తే వచ్చే సంఖ్యలను. నైట్రోజన్‌కు 1786, హైడ్రోజన్‌కు 5000ను 3తో భాగిస్తే 1667, అంటే ముందుగా అయిపోయేది ఎక్కువ మోల్‌లున్న హైడ్రోజనే. అప్పుడు అమ్మోనియా 56.7 కిలోలు, మిగిలే నైట్రోజన్ 3.3 కిలోలు, రెండూ కలిపితే సరిగ్గా 60.

వెనక్కి వెళ్లి పాత మూడు లెక్కలూ మళ్లీ చేశాను. గుణకాలతో భాగించినా వాటిలో ముందుగా అయిపోయే పదార్థం మారలేదు. నా సూత్రంలోని తప్పు అన్నాళ్లు బయటపడకపోవడానికి కారణం అదే.

అయితే మెగ్నీషియం లెక్కలో, కొత్త పద్ధతి వచ్చిన ధీమాతో, మొదట ఇంకో తప్పు చేశాను. ఆక్సిజన్ పరమాణు భారం 16 అని ప్రశ్నలోనే ఇవ్వడంతో 0.56ను 16తో భాగించి 0.035 మోల్ అని రాశాను. మెగ్నీషియం 1/24, అంటే 0.0417 మోల్, 2Mg + O2 → 2MgO అనే సమీకరణం ప్రకారం దాన్ని 2తో భాగిస్తే 0.0208. దాంతో మెగ్నీషియమే ముందు అయిపోతుందని తేల్చాను. ఈసారి మాస్టారి ప్రశ్న నాకు నేనే వేసుకున్నాను. మెగ్నీషియమంతా మండితే MgO 1.67 గ్రాములు రావాలి, పాత్రలో ఉన్నది మొత్తం 1.56 గ్రాములే. పాత్రలో ఉన్నది O2 వాయువు కాబట్టి 32తో భాగించాలి. అప్పుడు ఆక్సిజన్ 0.0175 మోల్ అయి అదే ముందుగా అయిపోతుంది, 0.84 గ్రాముల మెగ్నీషియం ఖర్చై 0.16 గ్రాములు మిగులుతుంది.

ఈ బరువుల పరీక్షకు దొరకని తప్పు ఒకటి ఆ ప్రశ్న ఐచ్ఛికాల్లోనే ఉంది: మెగ్నీషియం 0.44 గ్రాములు మిగులుతుందని. ఒకటిలోంచి 0.56 తీసేస్తే వచ్చే అంకె అది. మోల్‌లలోకి మార్చకుండా గ్రాముకు గ్రాము చొప్పున తీసేసేవారి కోసమే దాన్ని పెట్టినట్టుంటుంది. 1.12 గ్రాముల MgO, 0.44 గ్రాముల మెగ్నీషియం కలిపితే 1.56 సరిపోతుంది, అందువల్ల మొత్తం బరువు చూసి దాన్ని పట్టుకోలేం. MgO లోపలికి చూడాలి. అందులో మెగ్నీషియం, ఆక్సిజన్ 24కు 16 నిష్పత్తిలో ఉండాలి, ఈ జవాబు ప్రకారం చెరో 0.56 గ్రాములు ఉన్నట్టవుతుంది.