చేరగల దూరం ఒక్క సంఖ్యలో: జంప్ అర్రేతో నా అనుభవం

ఇంటర్వ్యూలకు సిద్ధమవుతున్న రోజుల్లో నన్ను బాగా ఆకట్టుకున్న లెక్క ఇది. ఒక అర్రే ఇస్తారు. ప్రతి గడిలో సున్నా గానీ, అంతకంటే పెద్ద పూర్ణాంకం గానీ ఉంటుంది. ఆ గడి నుంచి ముందుకు గరిష్ఠంగా ఎన్ని గడులు దూకవచ్చో ఆ సంఖ్య చెబుతుంది. మొదటి గడిలో నిలబడి చివరి గడికి చేరగలమా, లేదా? అవును, కాదు అని జవాబు చెబితే చాలు, దారి చూపనక్కరలేదు.

నేను ముందు రికర్షన్‌తో మొదలుపెట్టాను. ఏ లెక్కకైనా నిదానంగా నడిచినా సరే, తప్పు చెప్పని ప్రోగ్రామ్ ఒకటి చేతిలో ఉండాలన్నది నా పద్ధతి. ఒక గడి నుంచి సాధ్యమైన ప్రతి గంతునూ ప్రయత్నించడం, ఏ ఒక్కటి చివరికి చేర్చినా అవునని చెప్పడం, అంతే. చిన్న అర్రేలకు బాగానే పనిచేసింది. తర్వాత 25, 24, 23 అంటూ 0 వరకు దిగి, ఆపైన మరో 0 ఉన్న అర్రే ఇచ్చాను. మొత్తం 27 గడులే. అయినా జవాబు కోసం చాలాసేపు ఎదురుచూడాల్సి వచ్చింది. ఇండెక్స్ 25లో ఉన్న సున్నా దగ్గరికి చేరే దారులు 2^24, అంటే కోటీ అరవై ఏడు లక్షలకు పైనే. ఆ దారులన్నీ అక్కడే ఆగిపోతాయి. రికర్షన్ మాత్రం వాటిలో ప్రతిదాన్నీ విడివిడిగా నడిచి చూస్తుంది.

ఒకసారి చూసిన గడిని గుర్తుపెట్టుకుంటే ఆ వృథా పోతుంది. అయినా ప్రతి గడి నుంచి ముందున్న గడులన్నింటినీ చూడాల్సిన పని మిగిలే ఉంటుంది. పదివేల గడులుంటే అది దాదాపు అయిదు కోట్ల పరిశీలనల వరకు వెళ్లవచ్చు. ఇక్కడ నాకొక ప్రశ్న వచ్చింది. ప్రతి గడికీ చేరగలమా లేదా అని విడిగా రాసిపెట్టుకోవడం నిజంగా అవసరమా?

సమాధానం కోసం కాగితం మీద ఈ అర్రే వేసుకున్నాను: `[2, 4, 1, 0, 0, 2, 0, 3]`. ఇండెక్స్‌లు 0 నుంచి 7 వరకు. గ్రీడీ అనగానే ప్రతిసారీ వీలైనంత పెద్ద గంతు వేయడమని చాలామంది అనుకుంటారు. అలా చేస్తే 0 నుంచి 2కు, అక్కడి నుంచి 3కు వెళ్లి సున్నా దగ్గర చిక్కుకుపోతాం. నిజానికి దారి ఉంది: 0 నుంచి 1కి చిన్న గంతు, 1 నుంచి 5కు, 5 నుంచి 7కు. కాబట్టి ఇక్కడ అత్యాశ చూపాల్సింది గంతులో కాదు. ఇంతవరకు చూసిన గడులలో దేని నుంచైనా అందే అత్యంత దూరపు ఇండెక్స్ ఏదో, దాన్ని మాత్రమే పట్టుకోవాలి.

ఆ ఇండెక్స్‌ను `far` అందాం. గడి 0 దగ్గర అది 2 అవుతుంది. గడి 1 దగ్గర 1+4, అంటే 5. గడి 2 నుంచి 3 వరకే అందుతుంది కాబట్టి 5 మారదు. 3, 4 గడులలో సున్నాలున్నా దిగులు లేదు, ఎందుకంటే 5 మన చేతిలో ఉంది. గడి 5 దగ్గర 5+2, అంటే 7. చివరి ఇండెక్స్ అందింది.

నాతో కలిసి చదువుతున్న మిత్రుడు ఇక్కడే అడ్డుపడ్డాడు. "గడి 4కు మనం చేరగలమని ఎలా తెలుసు? 5కు చేరగలిగినంత మాత్రాన మధ్యలోవన్నీ అందుతాయా?" అన్నాడు. ఈ లెక్క మొత్తం ఆ ప్రశ్న మీదే నిలబడి ఉంది.

k అనే గడికి ఏదో ఒక దారి ఉందనుకుందాం. దానికి ముందు j అనే గడి ఉంది. ఆ దారిలో j మీద గానీ, j దాటి గానీ మొదటిసారి దిగిన గంతును తీసుకోండి. అది j కంటే ముందున్న p అనే గడి నుంచి బయలుదేరింది. p నుంచి j వరకో, అంతకంటే ముందుకో దూకగలిగామంటే, గంతు తగ్గించి సరిగ్గా j మీద కూడా దిగవచ్చు. గడిలోని సంఖ్య గరిష్ఠమే తప్ప కచ్చితమైన దూరం కాదు కదా! అందుకే చేరగల గడులన్నీ 0 నుంచి ఒకచోటి వరకు సందు లేకుండా వరుసగా ఉంటాయి. సందులు లేని వరుసను చెప్పడానికి దాని చివర ఒక్కటి చాలు. ఆ చివరే `far`.

```python
def can_reach(nums):
    far = 0
    for i, step in enumerate(nums):
        if i > far:
            return False
        far = max(far, i + step)
    return True
```

ఇందులో రెండు పంక్తుల వరుస చాలా ముఖ్యం. `far`ను ముందు పెంచి, తర్వాత `i > far` అని చూస్తే ఆ పరీక్ష ఎప్పటికీ పనిచేయదు. పెంచిన తర్వాత `far` కనీసం `i` అంత ఉంటుంది కాబట్టి షరతు నిజమయ్యే అవకాశమే లేదు, ప్రతి అర్రేకూ అవుననే జవాబు వస్తుంది. `[0, 0]` ఇచ్చి చూస్తే చాలు, ఈ దోషం వెంటనే పట్టుబడుతుంది. చేరలేని గడిలోని సంఖ్యను లెక్కలోకి రానివ్వకూడదన్నదే ఆ వరుసలోని ఉద్దేశం.

తర్వాత నా పాత రికర్షన్ ప్రోగ్రామ్ అక్కరకు వచ్చింది. 0 నుంచి 4 వరకు విలువలతో, ఒకటి నుంచి ఆరు గడుల వరకు ఏర్పడే అర్రేలు మొత్తం 19,530. అన్నింటినీ రెండు ప్రోగ్రామ్‌లకూ ఇచ్చి జవాబులు పోల్చాను. ఎక్కడా తేడా రాలేదు. ఒకే గడి ఉన్న `[0]` కూడా వాటిలో ఉంది. అక్కడ మొదటి గడే చివరి గడి, కాబట్టి దూకకుండానే జవాబు అవును.

జవాబు కాదని వచ్చినప్పుడు `far` మరో ఉపకారం చేస్తుంది. పై అర్రేలో ఇండెక్స్ 5 దగ్గరి 2ను 1 చేయండి. `far` 6 దగ్గర ఆగుతుంది, ఇండెక్స్ 7 అందదు. గడి 6లో ఉన్నది సున్నా. ఇది యాదృచ్ఛికం కాదు. `far` అనే గడికి మనం చేరగలం, అక్కడ సున్నా కాకుండా ఏ సంఖ్య ఉన్నా `far` ఇంకా ముందుకు జరిగి ఉండేది. అంటే లెక్క ఆగిన చోట సున్నా ఉండే తీరాలి. చివరి గడిని వదిలేసి మిగతా వాటిలో ఎక్కడా సున్నా లేకపోతే జవాబు ఎప్పుడూ అవునే.

ప్రశ్న కాస్త మారితే మాత్రం ఈ పద్ధతిని నమ్మకూడదు. గడిలోని సంఖ్య ఎంతో సరిగ్గా అంతే దూకాలని అన్నారనుకోండి. అప్పుడు `[2, 3, 0, 1, 4]`లో 0 నుంచి 2కు వెళ్లి అక్కడే ఆగిపోతాం, కానీ పై ప్రోగ్రామ్ గడి 1ని కూడా లెక్కలో వేసుకుని అవునంటుంది. గంతుకు కనీస దూరం పెట్టినా ఇదే ఇబ్బంది, ఎందుకంటే చేరగల గడుల మధ్య సందులు వస్తాయి. అలాంటి ప్రశ్నలకు నేను ప్రతి గడికీ గుర్తు పెట్టుకునే పద్ధతికే వెళ్తాను.