ముక్కు కారుతోంది, మరి టీకా?

మా వాడికి పదహారు నెలలు. తట్టు లాంటివి రాకుండా ఎంఎంఆర్ టీకా, కోరింత దగ్గు లాంటివి రాకుండా డీపీటీ బూస్టర్ ఒకే రోజు వేయించాలి. మొదటి తేదీకి ముందు రోజు జలుబు చేసింది. క్లినిక్‌కి ఫోన్ చేస్తే అక్కడి రిసెప్షన్‌లో "జలుబు తగ్గాక రండి" అన్నారు. సరేనని ఆగాం. ముక్కు ఆరడానికి పది రోజులు, దగ్గు పోవడానికి ఇంకో వారం పట్టింది. మళ్లీ తేదీ తీసుకుంటే మళ్లీ జలుబు. అలా ఆరు వారాలు పోయాయి.

మూడోసారి కూడా తేదీ వచ్చేసరికి ముక్కు కారుతూనే ఉంది. నీళ్లలాంటి చీమిడి, మధ్యమధ్యలో తుమ్ములు, అంతే. మా అత్తయ్య "ఒంట్లో బాగాలేని పిల్లాడికి సూదేంటమ్మా, ఇంకో వారం చూడు" అన్నారు. నాకూ లోపల భయమే. కానీ ఈసారి ఫోన్ చేయకుండా నేరుగా పిల్లల డాక్టర్ దగ్గరికే తీసుకెళ్లాను.

ఆవిడ వాడి ముక్కు వంక పెద్దగా చూడనే లేదు. నా ఒళ్లోనే వాణ్ని ఊరుకోబెట్టి, చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టారు. ముప్పై రెండు. ఈ వయసులో నలభై దాటితే ఆలోచించాలట. డొక్కలు ఎగరేస్తున్నాడా, పిల్లికూతలు ఉన్నాయా అని చూశారు. జ్వరం 99.4. చెవులు చూశారు. "పాలు తాగుతున్నాడా? ఆడుకుంటున్నాడా?" అని అడిగేలోపే వాడు ఆవిడ స్టెతస్కోప్ లాగేశాడు. "వేసేద్దాం" అన్నారు.

జలుబుతో ఉన్నప్పుడు వేస్తే టీకా పనిచేయదేమో, జబ్బు ముదురుతుందేమో అన్నాను. మామూలు జలుబు టీకా పనితనాన్ని తగ్గించదని, టీకా వల్ల జలుబూ ముదరదని చెప్పారు. ఈ వయసు పిల్లలకి ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది జలుబులు మామూలేనట. ఒక్కోటి వారం, పది రోజులు ఉంటే, ముక్కు పూర్తిగా ఆరిన రోజు కోసం చూస్తూ కూర్చుంటే తట్టు, కోరింత దగ్గుల నుంచి రక్షణ లేని రోజులు పెరుగుతూ పోతాయి. నా ఆరు వారాలు గుర్తొచ్చాయి. అదృష్టం, ఆలస్యమైందని మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదట, ఆగిన చోటి నుంచే కొనసాగిస్తారు.

మరి ఎప్పుడు ఆపుతారు? జ్వరం బాగా ఎక్కువగా ఉన్నప్పుడు, ఊపిరి కష్టంగా తీస్తున్నప్పుడు, బిడ్డ నీరసంగా పడి ఉండి తాగడం మానేసినప్పుడు. అప్పుడు కూడా అసలు కారణం వేరే. టీకా వేశాక జ్వరం ముదిరితే అది టీకా వల్లా, లోపల ఉన్న జబ్బు వల్లా అని తేల్చుకోలేక అసలు జబ్బుకి వైద్యం ఆలస్యమవుతుంది. తేరుకోగానే వేసేస్తారు. ముక్కులో స్ప్రే చేసే ఫ్లూ టీకా మాత్రం ముక్కు బాగా దిబ్బడేసి ఉంటే ఆపుతారు, మందు లోపలికి సరిగ్గా చేరదు కాబట్టి. మావి రెండూ సూదులే.

రెండు తొడలకీ వేశారు. ముందుజాగ్రత్తగా పారాసిటమాల్ పోసి తీసుకురావాల్సిందా అని అడిగితే, అవసరం లేదు, జ్వరం వచ్చి చిరాకు పడితేనే పొయ్యమన్నారు. మా వాడు పది కిలోలు, కిలోకి 15 మిల్లీగ్రాముల చొప్పున 150. ఇంట్లో రెండు సీసాలున్నాయి. ఒకదానిలో 5 మిల్లీలీటర్లకి 125 మిల్లీగ్రాములు, ఇంకోదానిలో 250. మొదటిదైతే 6 మిల్లీలీటర్లు, రెండోదైతే 3 మాత్రమే. రెండూ గులాబీ రంగే! లేబుల్ చదవకపోతే రెట్టింపు పోసేసేదాన్ని.

ఆ రాత్రి 100.8 వచ్చింది. డీపీటీ జ్వరం సాధారణంగా మొదటి ఒకటి రెండు రోజుల్లోనే వచ్చిపోతుందని ముందే చెప్పారు కాబట్టి టెన్షన్ పడలేదు. ఒక డోసు పోశాను, మర్నాటి సాయంత్రానికి తగ్గింది. తొడ మీద చిన్న గట్టి బిళ్ల మాత్రం కొన్నాళ్లు చేతికి తగిలింది.

తొమ్మిదో రోజు మళ్లీ ఒళ్లు వెచ్చబడింది, పొట్ట మీద సన్నటి ఎర్రటి పొక్కులు. అత్తయ్య నా వైపు చూశారు. ఎంఎంఆర్ వల్ల జ్వరం, పొక్కులు వస్తే దాదాపు వారం నుంచి పన్నెండు రోజుల మధ్య వస్తాయని డాక్టర్ చెబితే క్యాలెండర్‌లో రాసిపెట్టుకున్నాను, అదే చూపించాను. అయినా ఫోన్ చేసి చెప్పాను. తాగుతున్నాడా, ఊపిరి బాగుందా అని అడిగి, బాగుంటే చూస్తూ ఉండమన్నారు. రెండు రోజుల్లో పొక్కులు మాయమయ్యాయి. ముక్కు మాత్రం ఇంకా కారుతూనే ఉంది, బహుశా ఇది కొత్త జలుబు.