‘ధమని’ని ‘సిర’ చెయ్యడానికి నాలుగు రాత్రులు

ప్రూఫ్ ఇప్పుడే చేతికొచ్చింది. మనసు కుదుటపడ్డాక రాస్తున్నాను.

స్కూలు వార్షిక సంచికలో వెయ్యాల్సిన ఫొటో. పదో తరగతి అమ్మాయి వైట్‌బోర్డు మీద గుండె బొమ్మ గీసి పక్కన నిలబడింది. ఊపిరితిత్తుల నుంచి ఎడమ కర్ణికలోకి వచ్చే నాళానికి ఎర్ర మార్కరుతో ‘పుపుస ధమని’ అని రాసింది. అది పుపుస సిర. ఎరుపు కనిపిస్తే ధమని అనుకోవడం పిల్లలకి మామూలే. సైన్సు టీచర్ని అయ్యుండి ఫొటో తీసిన నేను కూడా చూసుకోలేదు. బొమ్మ ఎప్పుడో తుడిచేశారు. “టీచర్, అలాగే అచ్చేస్తే అందరూ నవ్వుతారు” అని ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ముందు ఒక డీటీపీ షాపుకిచ్చాను. ఆ పదం మీద తెల్ల డబ్బా పెట్టి, ఫాంటులో ‘సిర’ అని ఎర్రగా కొట్టి ఇచ్చాడు. “ప్రింటులో తెలీదు మేడం” అన్నాడు. నమ్మాను. స్టాఫ్ మీటింగులో ప్రొజెక్టర్ మీద వేసేసరికి ఒక పెద్ద మాస్టారు లేచి, తెర మీద వేలు పెట్టి, “ఇది అతికించిన ముక్క కదా టీచరమ్మా? పిల్లలకి నేర్పేది ఇదేనా?” అన్నారు. ఇరవై మంది ముందు నోట మాట రాలేదు. బోర్డు నీలం కలిసిన బూడిద రంగులో ఉంటే డబ్బా మాత్రం సున్నం కొట్టినట్టు ఉంది. డబ్బులు తీసుకుని అలాంటి పని చేసేవాళ్ళకి ఫొటో ఇవ్వకండి. ఇచ్చినా, రెండింతలు పెద్దది చేసి చూడకుండా తీసుకోకండి.

ఇంటికొచ్చి, ఫొటోలు దిద్దే గింప్ సాఫ్ట్‌వేర్‌లో నేనే కూర్చున్నాను. అసలు ఫొటో లేయర్ ముట్టుకోకుండా దాని నకలు మీద పనిచేశాను. ‘ధమని’ని హీలింగ్ టూల్‌తో తుడిస్తే బోర్డు మీద గులాబీ పొగలా మిగిలింది. కారణం మర్నాడు అర్థమైంది: ఫోన్ ఫొటో కుదించినప్పుడు రంగు వివరం తగ్గిపోతుంది, అందుకే ఎరుపు అక్షరం గీత దాటి నాలుగైదు పిక్సెళ్ళ దాకా చిమ్ముతుంది. తుడిచే పదం చుట్టూ గీసిన ఎంపిక గీతని ఆ మేరకి బయటికి జరిపాక శుభ్రంగా పోయింది. ట్యూబ్‌లైట్ మెరుపు ఆ పదం చివర మీదుగా పడింది కాబట్టి, అక్కడ నింపే ముక్కని పక్కనుంచి కాకుండా ఆ మెరుపు వెంటే కాస్త పైనుంచి తీసుకున్నాను.

తర్వాత అక్షరాలు. అదే బోర్డు మీద ‘ఊర్ధ్వ బృహత్సిర’ అని ఉంది, అక్కణ్ణుంచి తెచ్చుకుందామనుకున్నాను. కానీ అందులో స ఒత్తుగా త కింద ఉంది, విడి ‘సి’ లేదు. ‘ర’ ఒక్కటే దొరికింది. అది పెడితే ఒకే వంకర ఉన్న రెండు ‘ర’లు ఒకే బోర్డు మీద కవలల్లా కనిపించాయి. మౌసుతో రాసి చూశాను. గీత మొదటి నుంచి చివరిదాకా ఒకే మందం, ఒకే ఎరుపు. మార్కరు అలా రాయదు. ఆగిన చోట, గీత మీద గీత పడిన చోట ముదురుతుంది. సిరా అయిపోవస్తుంటే గీత నడుమ తెల్ల చార మిగులుతుంది.

మూడో రోజు ఆ అమ్మాయినే పిలిచాను. అదే బోర్డు, సగం ఎండిన అదే మార్కరు. ‘సిర’ ఒక్కటే రాయమంటే చేతిరాత పుస్తకంలో రాసినట్టు జాగ్రత్తగా రాస్తోందని, ‘పుపుస సిర’ అని పదిసార్లు రాయించాను. అయిదోది కుదిరింది. లైట్లు ఆర్పి, మెరుపు పడకుండా, మొదటి ఫొటో తీసిన దూరం నుంచి, అదే పక్క నుంచి తీశాను. అక్షరం పెద్దది చేసే పని పడలేదు, అందుకే ఫొటోలోని సన్నటి గరుకు కూడా కలిసింది.

ఆ ముక్కకి, వెలుగునీడలు సవరించే లెవెల్స్‌లో బోర్డు పూర్తిగా తెల్లబడేదాకా జరిపి, లేయర్‌ని మల్టిప్లైలో పెట్టాను. మల్టిప్లైలో తెలుపు మాయమై సిరా మాత్రం కింది బోర్డు మీద దిగుతుంది. కాస్త బూడిద మిగిలినా చుట్టూ డబ్బా కనిపిస్తుంది. అంతా అయ్యాక కూడా ‘ర’ ఎక్కడో తేడాగా ఉంది. అసలు లేయర్‌లో పాత ‘మ’ని చూశాక తెలిసింది: మెరుపు సిరాకి పైన ఉంటుంది, అది పడిన చోట ఎరుపు వెలిసి గులాబీ అవుతుంది. నా ‘ర’ మాత్రం మెరుపులోనూ ఎర్రగా మండుతోంది. లేయర్‌లో కావలసిన చోటు దాచే మాస్కు పెట్టి, మెత్తటి బ్రష్‌తో, ‘ర’ కుడి వంపుని పాత ‘మ’ రంగు వచ్చేదాకా కొద్దికొద్దిగా పలచబరిచాను.

ప్రెస్సు వాళ్ళకి ఒకటే చెప్పాను: షార్పెన్ చెయ్యొద్దని. చేస్తే అక్షరాల చుట్టూ తెల్ల అంచు వస్తుంది. ప్రూఫ్ తీసుకెళ్ళి ఆ మాస్టారి బల్ల మీద పెట్టాను. భూతద్దంతో చూశారు. “ఏ పదం మార్చారు?” అని అడిగారు.