ఉప్పు సీసాలో తేమ సెన్సార్ కాలిబ్రేషన్: మధ్యాహ్నం కనిపించిన 75ని ఎందుకు నమ్మలేదంటే

కోవూరు దగ్గర మా బావ వాళ్ళ రైస్ మిల్లు గోడౌన్‌లో ధాన్యం బస్తాల మధ్య ఎస్‌హెచ్‌టి31 తేమ సెన్సార్లు పెట్టి ఏడాది దాటింది. కొత్త సెన్సార్ ఒకటి తెచ్చి పక్కన పెడితే పాతది నాలుగు శాతం ఎక్కువ చూపిస్తా ఉంది. "ఏంది బావా, రెండిట్లో దేన్ని నమ్మాల?" అన్నాడు. రెండు సెన్సార్లని పోల్చుకుంటే అది తేలదు, తేమ ఎంతో ముందే తెలిసిన గాలి ఒకటి కావాలి, అది ఉప్పుతోనే తయారు చేసుకోవచ్చు.

మూత గట్టిగా బిగిసిన సీసాలో ఉప్పు తడిగా ఉండి, ఇంకా కరగని ఉప్పు మిగిలే ఉంటే, పైన గాలిలో తేమ ఒక అంకె దగ్గర ఆగిపోతుంది. సోడియం క్లోరైడ్‌కి 30 డిగ్రీల దగ్గర 75.1 శాతం, మెగ్నీషియం క్లోరైడ్‌కి 32.4. ఈ రెండే తీసుకున్నా. మెగ్నీషియం నైట్రేట్ కూడా వాడతారు గానీ అది 25 డిగ్రీలకి 52.9 ఉండి 35కి 49.9కి పడిపోతుంది, మామూలు ఉప్పు అదే పది డిగ్రీలకి అర శాతం కూడా మారదు, ఏసీ లేని మన ఇళ్ళకి అదే నయం.

వంటింటి ఉప్పులో అయోడిన్‌తో పాటు గడ్డకట్టకుండా ఇంకేదో కలుపుతారు, కొఠార్ల ఉప్పులో మెగ్నీషియం ఉంటుంది, అందుకని ల్యాబ్ ఉప్పే కొని బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ కలిపా. వెడల్పు మూతి చిన్న పచ్చడి సీసాలో 50 గ్రాములకి 15 మిల్లీలీటర్లు, అంతే, తడి ఇసుక లాగా ఉండాల. పైన నీళ్ళు పొరలా తేలితే ఆ పొర పూర్తిగా సంతృప్తం కాక తేమ ఎక్కువ చూపించొచ్చు. మెగ్నీషియం క్లోరైడ్‌కి కొన్ని చుక్కలు చాలు, మన సముద్రపు గాలికి ప్యాకెట్ విప్పి వదిలేస్తే దానంతటదే నీళ్ళయిపోద్ది.

సెన్సార్ ఒక్కటే లోపల, ఉప్పుకి తగలకుండా వేలాడదీసి, బోర్డు మాత్రం బయట పెట్టా, ఎందుకంటే వైఫై బోర్డు వేడికి లోపల గాలి వెచ్చబడుద్ది. వైర్లు దూర్చిన రంధ్రం మూయడానికి వెనిగర్ వాసనొచ్చే సిలికాన్ వాడొద్దు, ఆ ఆవిరి సెన్సార్‌ని పాడు చేస్తుంది.

ఇక అసలు సంగతి. ఉప్పు సీసాని గదిలో బల్ల మీద పెడితే తెల్లవారుజామున 79 చూపించింది, మధ్యాహ్నం అదే సీసా, అదే సెన్సార్, 74.6! ఇది చూసి ఎవరైనా "75కి దగ్గరగానే ఉంది, సెన్సార్ బాగానే ఉంది" అనుకుని మూత తీసేస్తారు. సీసా అడుగున ఉప్పు ఉన్న ఎత్తులో గాజుకి ఇంకో టెంపరేచర్ ప్రోబ్ అతికించి చూశా, అది ముందే సెన్సార్‌తో పక్కపక్కన పెట్టి సరిచూసుకున్నదే. ఉప్పు దగ్గర 31.0, పైన సెన్సార్ దగ్గర 32.0. ఎండ ఎక్కే కొద్దీ గాలి ముందు వేడెక్కుతుంది, తడి ఉప్పు వెనకబడుతుంది. ఆవిరి పీడనం ఉప్పు వేడిని బట్టి ఉంటుంది, శాతం మాత్రం గాలి వేడిని బట్టి లెక్క, 31 నుంచి 32కి గాలి పట్టగలిగే ఆవిరి ఆరు శాతం దాకా పెరుగుతుంది కాబట్టి అక్కడ నిజమైన తేమ దాదాపు 71 మాత్రమే. అంటే సెన్సార్ ఎక్కువ చూపించే తప్పు, ఒక డిగ్రీ తేడా తెచ్చిన తప్పు రెండూ కొట్టేసుకుని మంచి అంకె కనిపించింది. టేబుల్‌లో ఉప్పు అంకె డిగ్రీకి ఎంత మారుతుందో చూసి ఊరుకుంటే ఈ పెద్ద తప్పు దొరకదు.

దీనికి రొయ్యలు, చేపలు ప్యాక్ చేసే థర్మకోల్ పెట్టె బాగా పనికొచ్చింది. దాంట్లో సీసాలు, చుట్టూ నీళ్ళు నింపిన బాటిళ్ళు పెట్టి మూతేసి రాత్రంతా వదిలేశా. రెండు టెంపరేచర్లూ ఒకటై, తేమ అంకె గంటసేపు కదలకుండా ఉంటేనే రాసుకున్నా. ముందు తక్కువ తేమ సీసా, తర్వాత ఎక్కువది, ఎందుకంటే తడి నుంచి పొడికి వస్తే సెన్సార్ కొంచెం పైనే ఆగుతుంది. టెంపరేచర్ నిలకడగా ఉన్నా మెగ్నీషియం సీసాలో అంకె మెల్లగా పైకి పాకుతా ఉంటే మూత దగ్గర లీకుందేమో చూసుకోండి.

30 డిగ్రీల దగ్గర పాత సెన్సార్ 32.4కి 34.6, 75.1కి 79.0 చూపించింది. తేడాలు భాగిస్తే 42.7 బై 44.4, అంటే 0.962, మిగిలింది తీసేస్తే:

```
rh = 0.962 * raw - 0.9
```

ఈ లైను 32 నుంచి 75 లోపలే నమ్ముతా. కార్తీకం వానల్లో గోడౌన్ 85 దాటుతుంది, దానికి పొటాషియం క్లోరైడ్ సీసా కూడా పెట్టాల, 30 డిగ్రీలకి అది 83.6. ఆ ఉప్పు తెప్పించా, పెట్టె ఖాళీగానే ఉంది.