స్కెచ్ పచ్చబడితే సరిపోదు: మోటారు బేస్ ప్లేటుతో నా అనుభవం

తాడిపత్రిలో బండల పాలిష్ మిషన్ ఒకటి. దానికున్న మూడు హెచ్‌పీ మోటారు తీసేసి ఐదు హెచ్‌పీ పెట్టాలి, కింద బేస్ ప్లేటు మార్చాలి. పాత ప్లేటు స్కెచ్ కంప్యూటర్ డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీక్యాడ్‌లో ఉంది, ఎవరో గీసిచ్చిందే. 4 పోల్ మోటార్లలో మూడు హెచ్‌పీకి 100L ఫ్రేమ్, ఐదు హెచ్‌పీకి 112M. షాఫ్టుకు అడ్డంగా కాళ్ళ రంధ్రాల మధ్య దూరం 160 నుంచి 190 మి.మీ. అవుతుంది. షాఫ్టు వెంబడి దూరం రెండింటికీ 140. రంధ్రం రెండింటికీ 12, బోల్టు M10. అంటే లెక్క ప్రకారం మారాల్సింది ఒకే ఒక్క అంకె.

స్కెచ్ తెరిస్తే గీతలన్నీ పచ్చగా ఉన్నాయి, పైన `Fully constrained` అని ఉంది. బెల్టు బిగించడానికి మోటారు జరగాలి కాబట్టి ప్లేటులో గుండ్రని రంధ్రాలకు బదులు పొడవాటి స్లాట్లు ఉంటాయి. ప్లేటు వెడల్పు 280ని 310 చేశాను. కుడివైపు స్లాటుకు ఎడమ అంచు నుంచి ఉన్న 200ను 230 చేశాను. మార్చాక కూడా పచ్చగానే ఉంది. కోత మిషన్ చదివే ఫైలు, డీఎక్స్‌ఎఫ్ తీసి కటింగ్‌కు పంపేశాను.

12 మి.మీ. ప్లేటు కోసుకొచ్చి బిగించారు. మోటారు కూర్చుంది, నాలుగు బోల్టులూ దిగాయి. సాయంత్రం ఫోను: "అన్నా, బెల్టుకు బిగువు రాల్యా. మోటారు ఇంక జరగల్యా." స్లాట్లలో బోల్టు 40 మి.మీ. జరగాలి. జరిగింది 10 మాత్రమే.

కారణం చెప్తాను, ఎందుకంటే ఇది చాలామంది స్కెచ్‌లలో దాగి ఉంది. ప్లేటు ఎడమ కింది మూల స్కెచ్ సున్నా బిందువైన ఆరిజిన్ మీద ఉంది. పై కుడి స్లాటుకు అంచు నుంచి కొలత ఇచ్చారు. కింది కుడి స్లాటును మాత్రం దాని ఎడమ కేంద్రం దగ్గర 200, 40 అంకెలతో లాక్ చేసేశారు. నేను మార్చిన 230 పై స్లాటుదే. అది 230 నుంచి 270 వరకు జరిగిపోయింది. కింది స్లాటు పాత 200–240 దగ్గరే నిలబడిపోయింది. కుడి కాలి బోల్టులు రెండూ ఒకే వరసలో ఉంటాయి కాబట్టి రెండు స్లాట్లకూ ఉమ్మడిగా మిగిలింది 230 నుంచి 240 వరకే. బోల్టు అసలు దిగకపోతే అక్కడికక్కడే తెలిసిపోయేది. ఆ 10 మి.మీ. సందు ఉండడం వల్ల మోటారు కూర్చుని, తప్పు బెల్టు దాకా దాగింది. డీఎక్స్‌ఎఫ్ పంపే ముందు నేను పై స్లాటునూ కింది స్లాటునూ ఒక్కసారి పోల్చి చూడలేదు. అది నా తప్పు. కానీ గీత పచ్చబడాలని లాక్ కొట్టడం నేర్పేవాళ్ళ మీద మాత్రం నాకు కోపం పోవడం లేదు. పచ్చరంగు చెప్పేది ఒక్కటే, ఏ గీతకూ కదిలే స్వేచ్ఛ లేదని. ఒక కొలత మారితే దానితోపాటు ఏది కదలాలో అది చెప్పదు. ఆ సంగతి గీతలను ఒకదానికొకటి కట్టే మన కన్‌స్ట్రెయింట్లే చెప్పాలి.

కొత్త స్కెచ్ మొదటి నుంచీ గీశాను. ఈసారి ఆరిజిన్‌ను ప్లేటు నడిమధ్యలో పెట్టాను, ఎందుకంటే మోటారు కాళ్ళు మధ్య నుంచి రెండు వైపులా సమానంగా జరుగుతాయి. మొదట ప్లేటు దీర్ఘచతురస్రం. దీనికి ఆ కట్లన్నీ లెక్కగట్టే సాల్వర్ 4 స్వేచ్ఛలు చూపిస్తుంది: వెడల్పు, ఎత్తు, అడ్డంగా స్థానం, నిలువుగా స్థానం. ఎదురెదురు మూలలు రెండు, తర్వాత ఆరిజిన్ ఎంచుకుని సిమెట్రిక్ ఇస్తే రెండు పోతాయి. కొలతలు ఇస్తే మిగతా రెండు. ఇక్కడ పై మూలలను నిలువు అక్షానికి మళ్ళీ సిమెట్రిక్ చేయకండి. అడ్డ, నిలువు కన్‌స్ట్రెయింట్లతో ఆ సంగతి అప్పటికే తేలిపోయింది కాబట్టి సాల్వర్ రిడండెంట్, అంటే చెప్పిందే మళ్ళీ చెప్పావు, అంటుంది. అలా అన్నప్పుడు చివర పెట్టిన కన్‌స్ట్రెయింటే తీసేయాలి, పాతది కాదు.

రెండోది అసలైనది. లోపల ఇంకో దీర్ఘచతురస్రం, కన్‌స్ట్రక్షన్ గీతలతో, అంటే కోతలోకి రానిది. దాని నాలుగు మూలలే మోటారు కాళ్ళ రంధ్రాలు. ముందు పాత మోటారు కొలతలే ఇచ్చాను: 160, 140. దీన్నీ అదే పద్ధతిలో ఆరిజిన్‌కు కట్టాను.

తర్వాత నాలుగు స్లాట్లు. ఒక్కో స్లాటుకు 5 స్వేచ్ఛలు: రెండు కేంద్రాల స్థానాలకు నాలుగు, వ్యాసార్ధానికి ఒకటి. స్లాటు రెండు కేంద్రాలనూ లోపలి దీర్ఘచతురస్రం మూల బిందువుకు సిమెట్రిక్ చేస్తే రెండు పోతాయి, స్లాటు ఆ మూల మీదే నడుం పెట్టుకుని కూర్చుంటుంది. గీసేటప్పుడే హారిజాంటల్ తగిలి ఉంటే దాన్నే ఉంచండి, లేకపోతే మీరే ఇవ్వండి. ఒక్క స్లాటుకే రెండు కొలతలు ఇచ్చాను: కేంద్రాల మధ్య 40, వ్యాసార్ధం 6. మిగతా మూడింటికీ అంకెలు ఇవ్వలేదు, మొదటిదానితో ఈక్వల్ చేశాను. ఒకసారి అర్ధవృత్తానికి, ఒకసారి తిన్నని గీతకు. మొత్తం స్కెచ్‌లో 28 స్వేచ్ఛలు పోయాయి, కానీ అంకెలు ఆరే. లాక్ ఒక్కటీ లేదు. గీతలను అసలు సైజుకు దగ్గరగా గీయండి. మరీ చిన్నగా గీసి ఒక్కసారిగా పెద్ద అంకె కొడితే స్లాటు చివర లోపలికి తిరిగిపోతుంది.

ఆ అంకెలను mmతో సహా స్ప్రెడ్‌షీట్‌లో పెట్టి పేర్లిచ్చాను. కాళ్ళ దూరానికి మొదట A అని పేరు పెడితే తీసుకోలేదు, అది ఆంపియర్ గుర్తు కాబట్టి. అందుకే foot_a. షాఫ్టు వెంబడి దూరం foot_b, స్లాటు కేంద్రాల మధ్య దూరం travel. ప్లేటు వెడల్పు, ఎత్తు ఇవి:

```
Spreadsheet.foot_a + Spreadsheet.travel + 80 mm
Spreadsheet.foot_b + 80 mm
```

80 పక్కన mm రాయకపోతే పొడవుకు ఉత్త అంకె కలుపుతున్నావని ఒప్పుకోదు. ఈ సూత్రంతో స్లాటు చివర నుంచి ప్లేటు అంచుకు నాలుగు వైపులా 34 మి.మీ. మిగులుతుంది. ఆ 34ను రిఫరెన్స్ డైమెన్షన్‌గా ఒకచోట పెట్టుకున్నాను. అది దేన్నీ కట్టదు, కొలిచి చూపిస్తుంది అంతే.

ఇప్పుడు పరీక్ష. కొలతలు ఇవ్వక ముందే స్కెచ్‌లో ఒక మూల పట్టుకుని మౌస్‌తో లాగి చూడాలి. ఎదురు మూల అద్దంలోలా కదిలితే కట్టు సరైనది, ఏదైనా కదలకుండా నిలిస్తే అక్కడ లాక్ ఉందన్నమాట. పూర్తయ్యాక foot_a ఒక్కటే మార్చాను. 190కి ప్లేటు 310 అయింది, నాలుగు స్లాట్లూ మధ్య నుంచి 15 చొప్పున బయటికి జరిగాయి, 34 అలాగే ఉంది. రేపెప్పుడైనా ఏడున్నర హెచ్‌పీ పెడతామంటారేమోనని 132S ఫ్రేమ్ 216 కూడా కొట్టి చూశాను. ప్లేటు 336, అంచు మళ్ళీ 34. తిరిగి 190 పెట్టి, పై కింది స్లాట్ల కేంద్రాలు ఒకే నిలువు మీద ఉన్నాయో లేదో కొలిచి, అప్పుడు పంపాను.

నిన్న రెండో ప్లేటు బిగించారు. బోల్టు ఈ చివర నుంచి ఆ చివరకు 40 మి.మీ. జరిగింది.