ఫోటో తీసిన మ్యాపులో స్కేల్ బార్‌తో దూరం లెక్క: దోర్నాల–శ్రీశైలం రూటు మీద నా ప్రాక్టీస్

జేఎల్, నెట్ జాగ్రఫీకి చదువుతున్న ఫ్రెండ్స్ కోసం రాస్తున్నాను. మ్యాప్ స్కేల్ చాప్టర్ చదివేశాం కదా అని వదిలేస్తాం కానీ, చేత్తో ఒక్క రూటు కొలిచి చూస్తే తప్ప అందులో ఎక్కడ తప్పుతామో తెలియదు. నేను నెల రోజులు ఒకే రూటు పట్టుకుని కొలిచాను. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ రోడ్డు. ఎందుకంటే చిన్నప్పటి నుంచి బస్సులో తిరిగిన దారి, సుమారు 50 కిలోమీటర్లని నాకు ముందే తెలుసు, కాబట్టి లెక్క తప్పితే వెంటనే దొరికిపోతుంది. మీరు కూడా మీకు తెలిసిన దారితోనే మొదలుపెట్టండి.

మ్యాపు లైబ్రరీలో గోడకు తగిలించి ఉంది, ఇంటికి ఇవ్వరు, అందుకని ఫోన్‌తో ఫోటో తీసుకుని ఏ4 కాగితం మీద ప్రింట్ తీయించాను. మ్యాపు కింద 1:2,50,000 అని రాసి ఉంది, దాని పక్కనే స్కేల్ బార్ కూడా ఉంది. ప్రింట్ మీద రోడ్డు వెంబడి దారం పరిచి కొలిస్తే 94 మిల్లీమీటర్లు వచ్చింది. పుస్తకంలో చదివినట్టే 94 మి.మీ.ని 2,50,000తో గుణించాను, 23.5 కిలోమీటర్లు వచ్చింది. దోర్నాల, శ్రీశైలం అక్షాంశ రేఖాంశాలు తీసుకుని గీత గీసినట్టు చూసినా మధ్య దూరం 30 కిలోమీటర్ల దాకా ఉంటుంది. రోడ్డు దూరం తిన్నని గీత కంటే తక్కువ ఎలా వస్తుంది? అక్కడే ఆగిపోయాను.

కారణం చిన్నదే, కానీ పరీక్షలో అడిగేదీ అదే. 1:2,50,000 అనే భిన్నం అసలు కాగితానికి మాత్రమే వర్తిస్తుంది. ఫోటో తీసి, ప్రింట్ తీశాక మ్యాపు చిన్నదైపోయింది, కానీ ఆ అంకె మాత్రం అలాగే ఉండిపోయింది. స్కేల్ బార్ అలా కాదు, మ్యాపుతో పాటే అదీ చిన్నదవుతుంది. అందుకే మ్యాపును ఎంత పెంచినా తగ్గించినా పనికొచ్చేది రేఖా స్కేలే, అంటే ఈ స్కేల్ బారే అని ఆబ్జెక్టివ్ ప్రశ్నల్లో ఆన్సర్ పెడతాం. ఫోన్ స్క్రీన్ మీద కొలిచేవాళ్లకూ ఇదే రూల్, బార్ కొలిచాక జూమ్ మార్చి రూటు కొలిచారంటే లెక్క పోయినట్టే.

సరే, బార్ కొలిచాను. ఎడమ చివర నుంచి కుడి చివర వరకు 57.5 మి.మీ., కుడి చివర 20 అని ఉంది, కాబట్టి 57.5 మి.మీ. అంటే 20 కిలోమీటర్లు అనుకున్నాను. 94ని 57.5తో భాగించి 20తో గుణిస్తే 32.7 కిలోమీటర్లు. ఈసారి తిన్నని గీత కంటే కొంచెం ఎక్కువే కాబట్టి నిజమే అనిపించింది, మొదటి తప్పు కంటే ఇదే ప్రమాదం. మా రూమ్‌మేట్ పక్కన కూర్చుని చూసి, "అన్నా, సున్నా ఎక్కడుందో చూడు" అన్నాడు. చూస్తే సున్నా ఎడమ చివర లేదు. సున్నాకు ఎడమవైపు ఇంకో గడి ఉంది, దాని మీద 5 అని ఉంది, ఆ గడి లోపల చిన్న చిన్న భాగాలు. అవి సెకండరీ డివిజన్లు, ఒక పెద్ద గడి కంటే చిన్న దూరాలు చదవడానికి ఎడమవైపు పెడతారు. అంటే మొత్తం బార్ 25 కిలోమీటర్లు, సున్నా నుంచి 20 వరకు మాత్రమే 20. అది కొలిస్తే 46 మి.మీ. వచ్చింది. ఇప్పుడు 94ని 46తో భాగిస్తే 2.04, దాన్ని 20తో గుణిస్తే 40.9 కిలోమీటర్లు.

ఇది కరెక్టేనని ఎలా నమ్మాలి? నేను పెట్టుకున్న చెక్ అక్షాంశాలు. ఇలాంటి మ్యాపుల అంచున సాధారణంగా అక్షాంశాల గుర్తులు ఉంటాయి. ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కిలోమీటర్లు, 10 నిమిషాలంటే 18.5. నా ప్రింట్‌లో 15°50′ నుంచి 16°00′ వరకు 42.5 మి.మీ. వచ్చింది. 46 మి.మీ.కి 20 కిలోమీటర్ల లెక్కన 42.5 మి.మీ.కి 18.5 కిలోమీటర్లు, సరిగ్గా సరిపోయింది. తప్పు బార్‌తో అయితే 14.8 వచ్చేది, అంటే సున్నా పొరపాటు ఇక్కడే బయటపడేది. ఫోటోలో స్కేల్ బార్ కట్ అయిపోయినా ఈ గుర్తులతోనే పని నడుస్తుంది. రేఖాంశాలతో మాత్రం ఇలా చేయకండి, వాటి మధ్య దూరం ధ్రువాల వైపు తగ్గుతూ పోతుంది, 16° దగ్గర 10 నిమిషాలకు 17.8 కిలోమీటర్లే.

ఇంకోటి, ఇవన్నీ రెండోసారి తీసిన ఫోటో మీద లెక్కలు. మొదటి ఫోటో కింద నిలబడి ఫోన్ కొంచెం పైకెత్తి తీశాను. అందులో మ్యాపు కింది అంచు 168 మి.మీ., పై అంచు 156 మి.మీ. దగ్గరగా ఉన్న కింది భాగం పెద్దగా, దూరంగా ఉన్న పై భాగం చిన్నగా పడింది. స్కేల్ బార్ ఉండేది కింద, నా రూటు ఉన్నది పైన, కాబట్టి ఆ బార్‌తో కొలిస్తే రూటు 7 శాతం దాకా తక్కువ చూపిస్తుంది. పైగా ఇలా వంచి తీసిన ఫోటోలో నిలువు కొలత, అడ్డం కొలత ఒకేలా తగ్గవు, అడ్డంగా ఉన్న బార్ ఉత్తర దక్షిణ దూరానికి సాక్ష్యం కాదు. దీనికి సులువైన దారి మళ్లీ తీయడమే. ఫోన్‌ను మ్యాపు మధ్యకు ఎదురుగా, గోడకు సమాంతరంగా పట్టుకుని, వీలైనంత దూరం నుంచి తీసి, పై అంచు కింది అంచు కొలిచి చూసుకోండి.

ఇక 40.9 వచ్చింది, రోడ్డు మాత్రం 50. ఇది నన్ను రెండు రోజులు వేధించింది. కొండ ఎక్కుతాం కాబట్టి వాలు వల్ల దూరం పెరుగుతుందనుకున్నాను, లెక్క వేస్తే 100 మీటర్లకు 10 మీటర్లు ఎక్కే రోడ్డులో కూడా పెరిగేది అర శాతమే. అసలు కారణం మలుపులు. ఘాట్‌లో 100 మీటర్ల మలుపు 1:2,50,000 మ్యాపులో 0.4 మి.మీ., అంటే గీత మందం అంత. మ్యాపు గీసేవాళ్లు అలాంటి మలుపులను కలిపేసి ఒక్క వంపుగా చూపిస్తారు, ఆ వంపులో కూడా దారం మూల తిరగకుండా అడ్డంగా కోసేస్తుంది. మైదానంలో రోడ్డుకు ఈ తేడా చాలా తక్కువ, నల్లమల లాంటి చోట ఎక్కువ. 1:50,000 టోపోషీట్ మీద అయితే అదే మలుపు 2 మి.మీ., కనిపిస్తుంది, కొలవొచ్చు.

దారం విషయంలో ఒక మాట. కొత్త నూలు దారం లాగితే సాగుతుంది, అందుకని తడిపి పరిచాను, కాగితానికి అతుక్కుని కదలకుండా ఉంటుంది. తర్వాత కాగితం అంచు పద్ధతికి మారాను. తెల్ల కాగితం అంచును రోడ్డు మీద పెట్టి, మలుపు వచ్చిన ప్రతిచోటా పెన్సిల్ గుర్తు పెట్టి, ఆ గుర్తు దగ్గరే కాగితం తిప్పుకుంటూ శిఖరం దాటి శ్రీశైలం వరకు వెళ్లడం. చివరికి ఆ కాగితాన్నే నేరుగా స్కేల్ బార్ పక్కన పెట్టి చదవొచ్చు, మిల్లీమీటర్లతో పనే లేదు. మూడుసార్లు చేస్తే 40, 41, 42 వచ్చాయి. బార్ కొలతలో అర మిల్లీమీటర్ తేడా వచ్చినా ఒక శాతం పోతుంది, అందుకే ప్రాక్టికల్ రికార్డులో 40.87 అని రాయలేదు, "మ్యాపు ప్రకారం సుమారు 41 కి.మీ." అని రాసి, కింద వాడిన బార్ పొడవు, పద్ధతి పేరు రాశాను.